నవల చేతికిచ్చే ముందు

మా సంఘంలో ఒక సహోదరి ఉంది. పట్టణంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. వయస్సు ముప్పై ఆరు. పదవ తరగతి వరకు తెలుగు మీడియం. తరువాత నర్సింగు ఇంగ్లీషులోనే చదివి పాసయింది. మూడేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆగి, "అయ్యగారూ, నేను ఇంగ్లీషు పుస్తకాలు చదవాలనుకుంటున్నానండి. డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు రాస్తే పది మాటల్లో ఎనిమిది మందుల పేర్లే ఉంటాయి. మిగతా రెండూ తప్పు. కొత్తగా వచ్చిన పిల్లలు చూసి నవ్వుకుంటున్నారు" అని అడిగింది. ఇన్‌చార్జి సిస్టరు పదవికి రెండుసార్లు ఆమెను దాటవేసి వేరొకరికి ఇచ్చారు. ఆ మాట ఆమె చెప్పలేదు, వాళ్ల అమ్మ చెప్పింది.

ఆ రోజు మేము చేసిన పొరపాటుతోనే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాము. మా బీరువాలో హెమింగ్‌వే రాసిన 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ' ఉంది. 1952లో వచ్చిన చిన్న నవల. వాక్యాలు చిన్నవి, కథ సూటిగా సాగుతుంది. ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఇదే మంచిదని మాకు ఎవరో చెప్పగా, మేమూ ఎందరికో చెప్పాము. పైగా ఆమె తండ్రి సముద్రం మీద వేటకు వెళ్లినవాడు. ముసలి జాలరి కథ ఆమెకు నచ్చుతుందనుకుని చేతిలో పెట్టి పంపాము.

రెండు వారాల తరువాత పుస్తకం తిరిగి తెచ్చింది. నాలుగో పేజీ దాటలేదు. "నాకు రాదులెండి అయ్యగారూ" అంది. ఆ మాట మమ్మల్ని గుచ్చింది. అప్పుడు కూర్చోబెట్టి మొదటి రెండు పేరాలు చదివించాము. దగ్గర దగ్గర రెండు వందల పదాలు ఉంటాయి. తెలియని ప్రతి మాట కింద పెన్సిలుతో గీత పెట్టమన్నాము. పదిహేడు గీతలు పడ్డాయి. స్కిఫ్, గాఫ్, హార్పూన్, ఫర్ల్డ్. ఇవి పడవ సామాను మాటలు. గాంట్, బ్లాచెస్, బెనెవొలెంట్. ఇవి ముసలాయన రూపం చెప్పే మాటలు. ఆ రెండో పేరాలో చర్మపు క్యాన్సరు ప్రస్తావన ఒకటి వస్తుంది. ఆమెకు ఆ పేరాలో అన్నిటికంటే తేలికగా అర్థమైన మాట అదే!

ఇక్కడే సంగతి బయటపడింది. ఆమెకు ఇంగ్లీషు రాదని కాదు. మన తెలుగు మీడియం పెద్దవాళ్లలో చాలామందికి ఆఫీసు మాటలు, చదువు మాటలు, వృత్తి మాటలు బోలెడు వచ్చు. "ఇన్‌ఫెక్షన్", "అప్లికేషన్", "ట్రాన్స్‌ఫర్" అంటే ఇంట్లో ముసలమ్మకు కూడా తెలుసు. కాని కనుబొమ్మలు ముడవడం, భుజాలు ఎగరేయడం, గొణగడం, తడబడడం, ఓరగా చూడడం వంటి వాటికి ఇంగ్లీషు మాటలు మనకు ఎవరూ నేర్పలేదు. నవలలు నిండా ఉండేవి ఆ మాటలే. వాక్యం చిన్నదైనంత మాత్రాన నవల తేలిక కాదు. హెమింగ్‌వే వాక్యం చిన్నదే, కాని అందులో ఉన్న వస్తువుల పేర్లు మనకు కొత్త.

చదివే పేజీలో ఎన్ని తెలియని మాటలు ఉండవచ్చు అన్నదానిపై భాషాశాస్త్రజ్ఞులు పరిశోధన చేశారు. న్యూజీలాండుకు చెందిన పాల్ నేషన్ అనే పండితుడు ఈ విషయంలో పేరుపొందినవాడు. వారు తేల్చినది సుమారుగా ఇది: ఎవరి సాయమూ లేకుండా కథ హాయిగా సాగాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి. అంటే యాభై మాటలకు ఒక్కటి కొత్తది. నూటికి 95 అయితే కొందరు నెట్టుకు రాగలరు గాని కష్టపడతారు. మా సహోదరికి ఆ రెండు పేరాలలో నూటికి తొంభై ఒకటి, తొంభై రెండు తెలిశాయి. వినడానికి అది మంచి మార్కులాగే ఉంటుంది. కాని చదవడంలో అది ఫెయిలే, ఎందుకంటే తెలియని ఆ ఎనిమిదీ కథను మోసే మాటలే అవుతాయి.

అప్పుడు మేము గ్రేడెడ్ రీడర్ల వైపు తిరిగాము. మెట్లు మెట్లుగా ఉంటాయి గనుక మా సంఘంలో వాటికి "మెట్ల పుస్తకాలు" అని పేరు పెట్టుకున్నాము. మనలో కొందరికి ఇంటర్మీడియట్‌లో చదివిన నాన్-డీటెయిల్డ్ పుస్తకం గుర్తుకు రావచ్చు. కొంత పోలిక ఉంది, కాని తేడా ముఖ్యం. నాన్-డీటెయిల్డ్‌లో పెద్ద నవలను కత్తిరించి చిన్నది చేసేవారు. కష్టమైన మాటలు చాలావరకు అలాగే ఉండిపోయేవి. మెట్ల పుస్తకంలో రచయిత ఒక మాటల పట్టిక ముందు పెట్టుకుని, ఆ పట్టిక దాటకుండా కథను మొదటి నుండి తిరిగి రాస్తాడు. తప్పనిసరిగా వాడిన కొత్త మాటలకు పుస్తకం చివర అర్థాలు ఇస్తారు.

ఈ పద్ధతికి మన ఉపఖండంతోనే సంబంధం ఉండడం విశేషం. మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయ ఉపాధ్యాయుడు అవిభక్త బెంగాలులో, ఢాకాలో పనిచేశాడు. బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడే అవకాశం తక్కువ, చదివే అవకాశం ఎక్కువ అని గమనించి, 1920లలో మాటలు లెక్కపెట్టి రాసిన రీడర్లు తయారుచేశాడు. తరువాత 1953లో ఆయన ప్రచురించిన సుమారు రెండు వేల మాటల పట్టిక చాలాకాలం ఇటువంటి పుస్తకాలకు పునాదిగా నిలిచింది. ఢాకా పిల్లవాడి అవసరం, మన పల్లెలో చదివిన మనిషి అవసరం దాదాపు ఒక్కటే.

అట్ట వెనుక "స్టేజ్" అని గాని "లెవెల్" అని గాని ఒక అంకె, దానితోపాటు "హెడ్‌వర్డ్స్" అని మరో అంకె ఉంటే అది నిజమైన మెట్ల పుస్తకం. హెడ్‌వర్డ్ అంటే మూలపదం. గో, గోస్, వెంట్, గాన్, గోయింగ్ అన్నీ కలిపి ఒక్క లెక్క. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ అనే వరుసలో ఒకటవ మెట్టు 400 మూలపదాలు, రెండు 700, మూడు 1000, నాలుగు 1400, ఐదు 1800, ఆరు 2500. వేరే కంపెనీల మెట్లు వేరు. ఒకరి నాలుగు మరొకరి నాలుగుతో సమానం కాదు. అందుచేత మెట్టు అంకెను నమ్మవద్దు, మూలపదాల అంకె చూడండి. రైల్వే స్టేషన్లలో, తిరునాళ్లలో పిల్లల బొమ్మలతో అమ్మే "సంక్షిప్త" నవలల మీద ఈ అంకె ఉండదు. అవి చిన్నవే గాని తేలికైనవి కావు. వాటిని చదివి నిరాశపడి మా దగ్గరకు వచ్చినవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

హైదరాబాదు వెళ్లినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట వెదికి ఆరు పుస్తకాలు తెచ్చాము. వాటిలో మూడవ మెట్టు 'ఎ క్రిస్మస్ కరోల్' ఒకటి. మా సహోదరికి ముందు అదే ఇచ్చాము. మళ్లీ గీతలు పెట్టించాము. మొదటి రెండు వందల మాటలలో మూడు గీతలు. ఇది ఆమె మెట్టు.

డికెన్స్ 1843లో రాసిన అసలు పుస్తకం కూడా మా దగ్గర ఉంది గనుక రెండూ పక్కపక్కన పెట్టి చూశాము. అసలు కథ 28 వేల మాటల పైచిలుకు. మెట్ల పుస్తకం అందులో దాదాపు మూడో వంతు. అసలులో స్క్రూజ్ పిసినారితనం చెప్పడానికి డికెన్స్ అర డజను విశేషణాలు వరుసగా గుమ్మరిస్తాడు. చదువుతుంటే తిట్లదండకంలా ఉంటుంది, నవ్వు వస్తుంది. మెట్ల పుస్తకంలో ఆ నవ్వు పోయింది. స్క్రూజ్ డబ్బు ప్రేమించే కఠినుడు అన్న సంగతి మాత్రం మిగిలింది. మార్లే దయ్యం ఉంది, గుమాస్తా బాబ్ క్రాచిట్ ఉన్నాడు, కుంటి పిల్లవాడు టైనీ టిమ్ ఉన్నాడు. ఎముకలన్నీ ఉన్నాయి, మాంసం తక్కువ. సాహిత్యం తెలిసినవారు ఇటువంటి పుస్తకాలను చప్పిడి కూడు అంటారు. నిజమే. కాని జ్వరం నుండి లేచినవాడికి మొదటి వారం పెట్టేది చప్పిడి కూడే కదా.

ఆమెకు టైనీ టిమ్ దగ్గర కన్నీళ్లు వచ్చాయట. ఇంగ్లీషు అక్షరాలు చదివి ఏడవడం జీవితంలో అదే మొదటిసారి అని చెప్పింది.

చదివే తీరులో మొదట రెండు తప్పులు చేసింది. తెలియని ప్రతి మాటకూ సెల్‌ఫోనులో డిక్షనరీ తీసి, తెలుగు అర్థం ఆ మాట నెత్తిన రాసేది. దానివల్ల రెండోసారి చదివేటప్పుడు కన్ను తెలుగు మీదకే పోయేది, ఇంగ్లీషు మాటను దాటేసేది. ఆ రాతలన్నీ రబ్బరుతో తుడిపించాము. తెలియని మాట ఎదురైతే ఆగకుండా పోవాలి, అదే మాట మూడోసారి కనబడి ఇంకా తెలియకపోతే అప్పుడు డిక్షనరీ చూడాలి అని నియమం పెట్టుకుంది. రెండవది, మనసులో ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి తిప్పుకుంటూ చదివేది. దీన్ని చెప్పి మాన్పించలేము. వేగం పెరిగితే అదే పోతుంది. నిమిషానికి ఎన్ని మాటలు చదువుతోందో గడియారం పెట్టి చూశాము. మొదటి వారంలో అరవై. మెట్టు దించకుండా, పెంచకుండా అదే మూడవ మెట్టులో ఐదు పుస్తకాలు చదివాక నూరు దాటింది. నిమిషానికి నూరు దాటిన దగ్గర "తెలుగులోకి తిప్పుకునే తీరిక ఉండడం లేదండి" అని తనే చెప్పింది.

ఈ లెక్క ఎవరైనా చూసుకోవచ్చు. మూడవ మెట్టు పుస్తకంలో ఇంచుమించు పది వేల మాటలు ఉంటాయి. నిమిషానికి అరవై చొప్పున రోజుకు అరగంట చదివితే ఆరు రోజుల్లో అవుతుంది. అదే పుస్తకం నెల పట్టిందంటే మెట్టు ఎక్కువైనా అయి ఉండాలి, చదవడమైనా మానేసి ఉండాలి. ఒక పుస్తకంతో ఆగడం వల్ల మేలు తక్కువ. కొత్త మాట ఒకసారి కనబడి పోతే మరునాటికి మరుపు వస్తుంది. అది వేరువేరు కథల్లో పదిసార్లయినా ఎదురుపడాలి. తక్కువ మాటలతో రాసిన పుస్తకాల బలం అదే. ఉన్న మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. నవలలో అరుదైన మాట ఒక్కసారి మెరిసి మళ్లీ కనబడదు.

ఎనిమిది నెలల్లో ఆమె మూడు, నాలుగు మెట్లలో పద్నాలుగు పుస్తకాలు చదివింది. అప్పుడు రెండో చిక్కు వచ్చింది. మెట్ల పుస్తకాలు సుఖంగా ఉంటాయి. కొందరు అక్కడే స్థిరపడిపోతారు. ఆరవ మెట్టు ముగించినా 2500 మూలపదాలే. మామూలు నవలలో నూటికి 98 తెలియాలంటే ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ లెక్క. ఈ రెంటికీ నడుమ పెద్ద గండి. మెట్లు ఎక్కి పైకి పోతే చివరి మెట్టు పక్కనే మేడ ఉంటుందనుకుంటాము. మేడ ఇంకా చాలా దూరం. దీన్ని ముందే చెప్పకపోవడం వల్ల, ఆరవ మెట్టు చదివి నవల తీసి బెదిరిపోయినవారు ఉన్నారు.

ఆ గండి దాటడానికి మాటలు సరిపోనప్పుడు తెలిసిన లోకం సాయం చేస్తుంది. ఇది మా అనుభవంలో తేలిన సంగతి. ఇంగ్లండు పల్లెలో పొద, కంచె, గాలిమర పేర్లు రాకపోతే చూపు ఆగిపోతుంది. అదే మన వీధి, మన బడి, మన నాయనమ్మ ఉన్న కథ అయితే తెలియని మాటను చుట్టూ ఉన్నది పూరిస్తుంది. అందుచేత ఆర్.కె. నారాయణ్ 1935లో రాసిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఇచ్చాము. ఇందులోని కథలు 1980లలో దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్'గా వచ్చాయి. మా వయసువారికి ఆ పిల్లవాడి ముఖం ఇంకా గుర్తే. ఆమెకు చూసిన గుర్తు లేదు, కాని సోమవారం పొద్దున బడికి పోబుద్ధి కాని పిల్లవాడు ఎవరికి తెలియడు?

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. మొదటి అధ్యాయంలోనే మిషను బడిలో ఎబెనేజర్ అనే లేఖనాల మాస్టారు వస్తాడు. హిందూ దేవుళ్లను ఎగతాళి చేస్తాడు, ఎదురు ప్రశ్న వేసినందుకు స్వామి చెవి మెలిపెడతాడు, స్వామి తండ్రి హెడ్మాస్టరుకు ఉత్తరం రాస్తాడు. మన విశ్వాసులకు ఇది కొంచెం ఇబ్బందిగా ఉండవచ్చు. మాకూ ఉండింది. కాని అటువంటి మాస్టర్లు లేరని మేము అనలేము. పుస్తకం దాచవలసిన పని లేదు.

స్వామి పుస్తకంలో మొదటి రెండు వందల మాటలకు ఆమె ఏడు గీతలు పెట్టింది. నూటికి మూడు నాలుగు. హాయిగా చదివే హద్దు దాటిందన్నమాట. ఆపుదామా అనుకున్నాము. కాని నవల విషయంలో మొదటి పేజీని బట్టి తీర్పు చెప్పకూడదని తరువాత తెలిసింది. ఒక రచయితకు తన సొంత మాటల మూట ఉంటుంది. మొదటి మూడు అధ్యాయాలలో దాన్ని విప్పుతాడు. తరువాత అవే మాటలు తిరుగుతుంటాయి. ఐదవ అధ్యాయంలో చూస్తే రెండు వందలకు నాలుగు గీతలే. అందుచేత ఇప్పుడు మేము నవల ఇచ్చేటప్పుడు ఇరవై పేజీల వరకు ఓర్చుకోమని, ఇరవయ్యో పేజీలో మళ్లీ లెక్కపెట్టమని చెబుతున్నాము. అక్కడ కూడా గీతలు తగ్గకపోతే పుస్తకం పక్కన పెట్టి ఇంకొన్ని మెట్ల పుస్తకాలు చదవడమే. ఒక నవల అయ్యాక రచయితను మార్చకుండా అదే రచయితది ఇంకొకటి చదివితే ఆ మూట మళ్లీ పనికి వస్తుంది. ఆమె స్వామి తరువాత 'ది గైడ్' చదివింది. అది కొంచెం బరువైన పుస్తకమే, అయినా నారాయణ్ గొంతు అప్పటికే అలవాటయింది.

"అయ్యగారూ, ఇంగ్లీషు బైబిలు చదివితే చాలదా?" అని చాలామంది అడుగుతారు. బైబిలు మనకు తెలిసిన పుస్తకం గనుక పైన చెప్పిన సాయం అందులో నిండుగా దొరుకుతుంది. కాని ఏ అనువాదం అన్నది చూసుకోవాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది కింగ్ జేమ్స్ బైబిలు. అది 1611 నాటి ఇంగ్లీషు. దౌ, దీ, హాత్ వంటి మాటలు ఈనాడు ఎవరూ మాట్లాడరు. మా యౌవనస్థుడొకడు సెలవు చీటీలో "అన్‌టూ" అని రాసి పంపాడు! గౌరవంగా చదువుకోవడానికి అది మంచిదే, నేర్చుకోవడానికి కాదు. 1949లో పూర్తిగా వెలువడిన 'బైబిల్ ఇన్ బేసిక్ ఇంగ్లిష్' మొత్తం వెయ్యి మాటలతో చేసిన అనువాదం. ఒక విధంగా అదీ మెట్ల పుస్తకమే. కాని దానిలో ఒక మెలిక ఉంది. బేసిక్ ఇంగ్లిష్‌లో క్రియలు పద్దెనిమిదే. మిగతా పనులన్నీ గివ్ అప్, పుట్ అవుట్, టేక్ ఆఫ్ లాంటి జంటలతో నెట్టుకొస్తుంది. గివ్ తెలుసు, అప్ తెలుసు, రెండూ కలిస్తే మానేయడం అని ఎలా తెలుస్తుంది? తెలుగువారికి పెద్ద మాటకంటే ఈ చిన్న జంటలే కష్టం. కాబట్టి బాగా తెలిసిన సువార్త భాగాలు తెలుగు పక్కన పెట్టుకుని చదివితే ఆ జంటలు పట్టుబడతాయి. పరిచయం లేని ప్రవక్తల గ్రంథాలతో మొదలుపెట్టవద్దు.

చదవడం వల్ల రాయడం దానంతట అదే రాదు. ఇది కూడా చెప్పకపోతే మేము మళ్లీ పొరపాటు చేసినవారమవుతాము. రెండేళ్లు చదివాక ఆమె రిపోర్టు చూశాము. జరిగిపోయిన పనికి జరిగిపోయిన క్రియ వస్తోంది, "రోగి రాత్రి నిద్రపోలేదు, గొణుగుతూ ఉన్నాడు" అన్న సంగతి ఇంగ్లీషులో రాయగలుగుతోంది. ఎ, ఎన్, ది మాత్రం ఇంకా పక్కచూపులే చూస్తున్నాయి. వాటికోసం రోజూ చదివిన పేజీని పుస్తకం మూసి నాలుగు వాక్యాలలో రాసి, తెరిచి పోల్చుకుంటోంది. ఇన్‌చార్జి పదవి ఇంకా రాలేదు. నవ్వే పిల్లల్లో ఒకతె మాత్రం ఈమె దగ్గర మూడవ మెట్టు పుస్తకాలు అడిగి తీసుకుపోయింది.

పోయిన నెల ఆమె మా బీరువా దగ్గరకు వచ్చి ఆ ముసలి జాలరి పుస్తకాన్ని తనే తీసుకుంది. పాత పెన్సిలు గీతలు ఇంకా ఉన్నాయి. ఆ పదిహేడింటిలో ఇప్పుడు తెలియనివి ఆరు. "గాఫ్ అంటే ఏమిటో బొమ్మ చూసి తెలుసుకున్నానండి అయ్యగారూ. పెద్ద చేపను పడవలోకి లాగే కొక్కెం కర్ర. మా నాన్నది ఇంకా అటక మీదే ఉంది" అంది. ఇప్పుడు నలభయ్యో పేజీలో ఉంది. చేప ఇంకా నీటిలోనే లాగుతోంది.